క్యామ్ ఎందుకు కొడుతుంది: సమవేగం నుంచి సైక్లాయిడ్‌కు మారే లెక్క, అడుగడుగునా

తిరుగుతూ తన అంచు ఆకారంతో మరో భాగాన్ని పైకీ కిందికీ కదిలించే లోహపు బిళ్లే క్యామ్, అలా కదిలే భాగం ఫాలోవర్. అరిగిన క్యామ్‌ను విప్పి బల్ల మీద పెడితే తన జబ్బేమిటో అదే చెబుతుంది. నేను మొదటిసారి శ్రద్ధగా చూసిన క్యామ్ ఒక అట్టపెట్టెల ప్యాకింగ్ యంత్రంలోది. అంచు చుట్టూ ఒకే తీరు బూడిదరంగు మెరుపు ఉంది. రెండు చోట్ల మాత్రం గోటితో తడిమితే తెలిసే గుంటలు. ఒకటి ఫాలోవర్ పైకి లేవడం మొదలయ్యే మూలలో ఉంది. రెండోది విచిత్రమైన చోట ఉంది: ఫాలోవర్ పైకి చేరి, కదలకుండా నిలబడి ఉండాల్సిన భాగంలో, లేవడం ముగిసిన చోటికి సుమారు పాతిక డిగ్రీల అవతల. కదలికే లేని చోట దెబ్బ ఎలా తగిలింది?

ఆ ప్రశ్నకు జవాబు దొరికితే క్యామ్ చలనాల పాఠం సగం అర్థమైనట్టే. అలాంటి యంత్రాన్నే, అంకెలు కొంచెం గుండ్రం చేసి, మొదటి నుంచి చివరి దాకా లెక్కకట్టి చూద్దాం.

1. ముందు పనిని కాలంలోకి మార్చుకోండి

పళ్లెం ఆకారపు క్యామ్, దాని మీద దొర్లే రోలర్, రోలర్‌ను మోస్తూ నిలువుగా పైకీ కిందికీ జరిగే ఫాలోవర్, దాన్ని క్యామ్‌కు అదిమిపెట్టే స్ప్రింగ్. ఫాలోవర్ 40 మి.మీ. లేవాలి. క్యామ్ 120 డిగ్రీలు తిరిగేలోగా లేవడం పూర్తి కావాలి, తర్వాత 60 డిగ్రీలు పైన ఆగాలి, 120 డిగ్రీల్లో దిగాలి, మళ్లీ 60 డిగ్రీలు కింద ఆగాలి. ఇలా ఆగి ఉండే భాగాన్నే డ్వెల్ అంటారు. వేగం నిమిషానికి 300 చుట్లు. ఫాలోవర్, రోలర్, దాని మీది పళ్లెం అన్నీ కలిపి బరువు 2 కిలోలు.

కాగితం మీద అందరూ డిగ్రీల్లోనే ఆలోచిస్తారు, కానీ ఇనుముకు తెలిసేది సెకన్లే. నిమిషానికి 300 చుట్లంటే ఒక చుట్టుకు 0.2 సెకను. అందులో 120 డిగ్రీలు మూడో వంతు, అంటే 0.0667 సెకను. 40 మి.మీ. ఎత్తుకు మనకున్న వ్యవధి అంతే. ఈ కాలాన్ని T అని, ఎత్తును h అని రాసుకుందాం. ఇకపై ప్రతి లెక్కా ఈ రెండింటి చుట్టూనే తిరుగుతుంది.

2. సమవేగంతో ఏమవుతుందో చూడండి

కొత్తగా గీసేవారికి మొదట తోచేది సరళరేఖ. 120 డిగ్రీల్లో 40 మి.మీ. అంటే ప్రతి 10 డిగ్రీలకు 3.33 మి.మీ. గీయడం తేలిక, కోయడం తేలిక. వేగం 40 మి.మీ.ను 0.0667 సెకనుతో భాగిస్తే వస్తుంది: సెకనుకు 0.6 మీటర్లు. ఇది పెద్ద వేగమేమీ కాదు, మనిషి నెమ్మదిగా నడిచే వేగం కన్నా తక్కువే.

ఇబ్బందంతా రెండు చివర్లలో ఉంది. డ్వెల్‌లో వేగం సున్నా. మరుక్షణం 0.6. ఈ రెండింటి మధ్య కాలమే లేదు. త్వరణం అంటే వేగంలో మార్పును కాలంతో భాగించడం కాబట్టి, లెక్క ప్రకారం అది అనంతం. పాఠ్యపుస్తకాలు ఇక్కడే ఆగిపోతాయి. కానీ కర్మాగారంలో అనంతమైన బలాన్ని ఎవరూ చూడలేదు, చూసిందల్లా గుంటలే. మరి అసలు బలం ఎంత?

జవాబు ఇనుము సాగే గుణంలో ఉంది. రోలర్ పిన్ను, ఫాలోవర్ కడ్డీ, క్యామ్ షాఫ్టు అన్నీ చాలా గట్టి స్ప్రింగుల్లాంటివి. ఇవన్నీ కలిసి ఒక మి.మీ. నొక్కుకుపోవడానికి 2000 న్యూటన్లు కావాలనుకుందాం. 2 కిలోల వస్తువు ఇలాంటి స్ప్రింగు చివర ఉండగా, అడుగుభాగాన్ని ఉన్నట్టుండి v వేగంతో కదిలిస్తే, స్ప్రింగులో పుట్టే గరిష్ఠ బలం ఇది:

`F = v × √(k × m)`

k మీటరుకు 20 లక్షల న్యూటన్లు, m 2 కిలోలు. వాటి లబ్ధానికి వర్గమూలం 2000. దాన్ని 0.6తో గుణిస్తే 1200 న్యూటన్లు. 2 కిలోల ఫాలోవర్ మీద, దాని బరువుకు అరవై రెట్ల బలం, ప్రతి చుట్టుకూ, గంటకు 18,000 సార్లు. మొదటి గుంట కథ ఇదే.

ఆ గుంట అంత పదునుగా ఎందుకుందంటే దానికి మరో కారణం కూడా ఉంది. సమవేగపు రేఖ డ్వెల్‌ను కలిసే చోట రోలర్ కేంద్రం నడిచే దారిలో లోపలికి విరిగే మూల ఏర్పడుతుంది. ఆ మూలకు తగ్గట్టు కోసిన క్యామ్ అంచులో సరిగ్గా రోలర్ వ్యాసార్ధమంత వంపు వస్తుంది. రోలర్ కేంద్రం ఆ మూల దగ్గర ఉన్నప్పుడు వంపు మొత్తం ఒకేసారి రోలర్‌ను తాకుతుంది. 10 మి.మీ. వ్యాసార్ధపు రోలర్‌కు మన కొలతల్లో ఆ వంపు పొడవు 3 మి.మీ. చిల్లర. దెబ్బంతా ఆ మూడు మి.మీ. మీదే పడుతుంది.

3. రెండో గుంట ఎక్కడిది

పైన ఏం జరుగుతుందో చూడండి. క్యామ్ అంచు లేవడం ఆపేసింది. ఫాలోవర్ మాత్రం సెకనుకు 0.6 మీటర్ల వేగంతో పైకి పోతూనే ఉంది. దాన్ని ఆపగలిగేవి స్ప్రింగు, దాని బరువు, ఆ రెండే. క్యామ్ కిందినుంచి నెట్టగలదు గానీ పట్టుకుని లాగలేదు కదా.

ఫాలోవర్ పైకి చేరినప్పుడు స్ప్రింగు బలం 150 న్యూటన్లు, బరువు సుమారు 20 న్యూటన్లు. మొత్తం 170ని 2 కిలోలతో భాగిస్తే ఫాలోవర్‌ను ఆపే త్వరణం 85 మీ/సె² వస్తుంది. బంతిని పైకి విసిరినప్పుడు వాడే సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది. ఎగిరే ఎత్తు v²/2a, అంటే 2.1 మి.మీ. గాలిలో ఉండే కాలం 2v/a, అంటే 14 మిల్లీసెకన్లు. మన క్యామ్ మిల్లీసెకనుకు 1.8 డిగ్రీలు తిరుగుతుంది. 14ను 1.8తో గుణించండి: పాతిక డిగ్రీలు.

రోలర్ క్యామ్‌ను వదిలి ఎగిరి, పాతిక డిగ్రీల తర్వాత తిరిగి పడుతోంది. పడేటప్పుడు వేగం మళ్లీ అదే 0.6. డ్వెల్ భాగంలో గుంట పడింది అందుకే. ఎక్కడైనా లేచే భాగం ముగిసిన తర్వాత కొంత దూరాన మెరిసే మచ్చ కనిపిస్తే, ఆ కోణం కొలిచి ఈ లెక్కను వెనక్కి చేయండి. ఫాలోవర్ ఎంత ఎగిరిందో క్యామ్ విప్పిన బల్ల దగ్గరే తెలిసిపోతుంది. స్ప్రింగు గట్టిది వేస్తే ఎగరడం తగ్గుతుంది, నిజమే. కానీ మొదటి మూలలో దెబ్బ అలాగే ఉంటుంది, పైగా రోలర్ మీద రోజంతా అదనపు భారం. యంత్రాలు బాగుచేసేవారు తరచూ చేసే పొరపాటు ఇది: జబ్బు వంపులో ఉంటే మందు స్ప్రింగుకు వేస్తారు.

4. బండి చక్రం నుంచి సైక్లాయిడ్‌ను తీయండి

సైక్లాయిడ్ సూత్రాన్ని బట్టీపట్టేవారే ఎక్కువ. దాన్ని బండి చక్రం మీద చూడటం మేలు. చక్రం అంచున ఒక మట్టి ముద్ద అంటుకుని ఉంది. సరిగ్గా నేలను తాకిన స్థితి నుంచి చక్రం ఒక పూర్తి చుట్టు దొర్లి, ముద్ద మళ్లీ నేలను తాకింది. ఇరుసు మాత్రం ఈలోగా ఒకే వేగంతో ముందుకు సాగింది.

ముద్ద దారి వెంట ఎంత ముందుకు జరిగిందో మాత్రమే చూడండి, అది పైకి లేచిన సంగతి వదిలేయండి. నేలను తాకిన క్షణంలో దాని వేగం సున్నా. ఆ తర్వాత మెల్లగా ముందుకు జరగడం మొదలుపెడుతుంది. చక్రం నెత్తిన ఉన్నప్పుడు ఇరుసుకు రెట్టింపు వేగంతో పోతుంది. మళ్లీ మెల్లబడి, నేలను తాకేసరికి ఆగిపోతుంది. దూరం మాత్రం ఇరుసు ఎంత పోయిందో అంతే పోయింది. అంటే ఇరుసుది సమవేగ చలనం, ముద్దది సైక్లాయిడ్ చలనం. ఒకే దూరం, ఒకే కాలం, మొదలూ చివరా మాత్రం వేరు.

చుట్టుకొలత 40 మి.మీ. ఉండే చక్రాన్ని తీసుకుని, ఆ దారిని నిలువుగా నిలబెడితే మన ఫాలోవర్ చలనం వస్తుంది. β అనేది 120 డిగ్రీలు, θ ఇప్పటిదాకా తిరిగిన కోణం:

`s = h × [ θ/β − sin(2πθ/β) / 2π ]`

మొదటి పదం ఇరుసు. రెండోది ఇరుసుకు ముద్ద ఎంత వెనక లేదా ముందు ఉందో చెప్పే సవరణ. దీని నుంచి వేగం, త్వరణం వస్తాయి:

`v = (h/T) × [ 1 − cos(2πθ/β) ]`

`a = (2πh/T²) × sin(2πθ/β)`

θ సున్నా అయినప్పుడు వేగం సున్నా, త్వరణం కూడా సున్నా. θ 120 అయినప్పుడూ అంతే. డ్వెల్‌లోనూ రెండూ సున్నాలే కాబట్టి, అతుకు దగ్గర వేగం గానీ త్వరణం గానీ గెంతు వేయదు. త్వరణం మారే రేటును జెర్క్ అంటారు. అది మాత్రం చివర్లలో సున్నా కాదు, కానీ పరిమితంగానే ఉంటుంది. బలం ఒక్కసారిగా మీద పడకుండా క్రమంగా పెరగడానికి అది చాలు.

మన అంకెలు పెడితే గరిష్ఠ వేగం 1.2 మీ/సె, సమవేగానికి సరిగ్గా రెట్టింపు. గరిష్ఠ త్వరణం 56.5 మీ/సె². 2 కిలోల మీద అది 113 న్యూటన్లు. సమవేగంలో వచ్చిన 1200తో పోల్చి చూడండి. వేగం రెట్టింపయింది, బలం పదో వంతుకు దిగింది. వేగం ఎక్కువైతే దెబ్బ ఎక్కువని మనకో నమ్మకం. నిజానికి దెబ్బ వేగంలో లేదు, వేగం ఎంత హఠాత్తుగా మారిందన్నదానిలో ఉంది.

5. పట్టిక తయారుచేయండి

చేతితో చేయవచ్చు, కంప్యూటర్‌తో ఇంకా తేలిక:

```python
import math
h, beta = 40.0, 120
for t in range(0, beta + 1, 10):
    x = t / beta
    s = h * (x - math.sin(2*math.pi*x) / (2*math.pi))
    print(t, round(s, 3))
```

వచ్చే విలువల్లో మొదటి సగం చూడండి. 10 డిగ్రీల దగ్గర 0.150 మి.మీ., 20 దగ్గర 1.153, 30 దగ్గర 3.634, 40 దగ్గర 7.820, 50 దగ్గర 13.484, 60 దగ్గర 20. రెండో సగం దీనికి తలకిందులు: 70 డిగ్రీల దగ్గర ఉండే ఎత్తు 40 లోంచి 13.484 తీసేస్తే వచ్చే 26.516.

మొదటి 10 డిగ్రీల్లో సమవేగం 3.33 మి.మీ. ఎక్కితే, సైక్లాయిడ్ ఎక్కింది 0.15 మి.మీ. మాత్రమే. మొదటి 5 డిగ్రీల్లో అయితే 0.019 మి.మీ., తల వెంట్రుక మందం కన్నా తక్కువ. సుఖమంతా ఈ వెంట్రుకవాసిలోనే ఉంది. కోసే యంత్రం అక్కడ 0.02 మి.మీ. అటూ ఇటూ చేస్తే మొదటి 5 డిగ్రీల్లో సైక్లాయిడ్ కాగితం మీద తప్ప ఎక్కడా మిగలదు.

6. ఇంకా తక్కువ త్వరణం ఉన్న వంపులు ఉన్నాయి కదా?

న్యాయమైన ప్రశ్నే. మొదటి సగం ఒకే త్వరణంతో, రెండో సగం అంతే మందగమనంతో నడిచే పారాబొలా వంపులో గరిష్ఠ త్వరణం 4h/T², అంటే 36 మీ/సె², బలం 72 న్యూటన్లు. సైక్లాయిడ్ 113 కన్నా ఇది చాలా మెరుగనిపిస్తుంది. పరీక్షల్లో చాలామంది ఇక్కడే జారిపడతారు.

కాటా మీద బరువును నెమ్మదిగా దించితే ముల్లు సరైన చోటికి వచ్చి ఆగుతుంది. అదే బరువును పళ్లేనికి ఆనించి ఒక్కసారిగా వదిలేస్తే ముల్లు దాదాపు రెట్టింపు దాకా పోయి వెనక్కి వస్తుంది. పారాబొలాలో 72 న్యూటన్లు ఇలా ఒక్కసారిగా వచ్చిపడతాయి కాబట్టి ఫాలోవర్ అనుభవించేది 144 దాకా ఉంటుంది. మధ్యలో బలం +72 నుంచి −72కు తిరగబడే క్షణం ఇంకా చెడ్డది: 144 న్యూటన్ల గెంతు, దాని మీద అంతే ఊపు, కలిపి −216 వరకు. సరళ హరాత్మక చలనంలో గరిష్ఠం 89 న్యూటన్లు. అది డ్వెల్ అతుకు దగ్గరే హఠాత్తుగా మొదలవుతుంది కాబట్టి 178 దాకా పోతుంది.

సైక్లాయిడ్ 113 మాత్రం 113కు దగ్గరగానే ఉంటుంది. మన ఫాలోవర్ సొంత కంపనానికి ఒక ఊపు 6.3 మిల్లీసెకన్లు. లేచే కాలం 66.7 మిల్లీసెకన్లు, అంటే దానికి పది రెట్లకు పైన. బలం అంత నిదానంగా మారుతుంటే ఇనుము దాని వెంటే నడుస్తుంది, ఊగిపోదు. కడ్డీ సన్నగా, పొడవుగా ఉండి ఆ నిష్పత్తి రెండుకో మూడుకో పడిపోతే సైక్లాయిడ్ కూడా కాపాడలేదు. అప్పుడు కడ్డీని బలపరచడమే దారి.

7. దీనికి కట్టాల్సిన మూల్యం: పెద్ద క్యామ్

మధ్యలో రెట్టింపు వేగమంటే అక్కడ క్యామ్ అంచు నిటారుగా ఉంటుంది. ఆ వాలు రోలర్‌ను పైకే కాకుండా పక్కకు కూడా నెడుతుంది. నెట్టే దిశకూ ఫాలోవర్ కదిలే దిశకూ మధ్య కోణం ప్రెషర్ యాంగిల్. జారే ఫాలోవర్‌కు అది 30 డిగ్రీలు దాటకూడదన్నది వాడుక. దాటితే ఫాలోవర్ తన గైడులో ఇరుక్కోవడం మొదలుపెడుతుంది.

`tan α = (ds/dθ) / (R + s)`

ఇక్కడ ds/dθ రేడియన్‌కు లెక్క, R అంటే బేస్ సర్కిల్ వ్యాసార్ధానికి రోలర్ వ్యాసార్ధం కలిపినది. క్యామ్ కేంద్రం చుట్టూ, అంచు కేంద్రానికి అతి దగ్గరగా ఉండే చోటును తాకుతూ గీసిన వృత్తమే బేస్ సర్కిల్. బేస్ సర్కిల్ 30 మి.మీ., రోలర్ 10 మి.మీ. అనుకుని R 40 తీసుకుంటే, గరిష్ఠ కోణం 34 డిగ్రీల దాకా పోతుంది. బేస్ సర్కిల్‌ను 50కి పెంచితే R 60 అవుతుంది, కోణం 26 డిగ్రీలకు దిగుతుంది. అదే 60కి సమవేగపు కోణం 18 డిగ్రీలే. చోటు లేని యంత్రంలో సైక్లాయిడ్ పెట్టాలంటే ముందుగా చూడాల్సింది ఇదే. గరిష్ఠం సరిగ్గా 60 డిగ్రీల దగ్గర రాదు, కాస్త ముందే, 55 డిగ్రీల దగ్గర వస్తుంది. కాబట్టి మధ్య బిందువు ఒక్కటే చూసి సంతృప్తి పడకండి.

8. స్ప్రింగు

లేచే దశ రెండో సగంలో త్వరణం కిందివైపు ఉంటుంది. ఫాలోవర్‌ను ఆ సమయంలో ఆపేది స్ప్రింగే. 90 డిగ్రీల దగ్గర కావాల్సింది 113 న్యూటన్లు, బరువు 20 సాయం చేస్తుంది, మిగతా 93 స్ప్రింగు ఇవ్వాలి. కింద 70 న్యూటన్ల ముందస్తు ఒత్తిడి, మి.మీ.కు 2 న్యూటన్ల గట్టిదనం ఉన్న స్ప్రింగు వేస్తే అక్కడ 143 న్యూటన్లు ఉంటాయి. సగం పైన మిగులు.

అయితే బలం వేగం వర్గంతో పెరుగుతుంది. ఉత్పత్తి పెంచాలని ఎవరైనా 300ను 360 చేస్తే త్వరణం 1.44 రెట్లవుతుంది. ఆ మిగులంతా కరిగి, రోలర్ క్యామ్‌ను వదలడం సరిగ్గా అక్కడే మొదలవుతుంది. యంత్రం మీద గరిష్ఠ వేగం రాసిపెట్టడం మరిచిపోవద్దు.

9. కోయించేటప్పుడు

నాకు తెలిసి మంచి సైక్లాయిడ్‌లు ఎక్కువగా చచ్చిపోయేది ఇక్కడే. పైన వచ్చిన 10 డిగ్రీల పట్టికను అలాగే సీఎన్‌సీ మిల్లింగ్‌కు ఇచ్చేస్తారు. యంత్రం ఆ బిందువులను సరళరేఖలతో కలుపుతుంది. 20 నుంచి 30 డిగ్రీల మధ్య 2.48 మి.మీ., 30 నుంచి 40 మధ్య 4.19 మి.మీ. ఒక్కో ముక్కకు 5.56 మిల్లీసెకన్లు. అంటే 30 డిగ్రీల మూలలో వేగం 0.31 మీ/సె గెంతు వేసింది. సమవేగపు క్యామ్‌లోని గెంతులో ఇది సగం! బొమ్మ సైక్లాయిడే, దెబ్బ మాత్రం 600 న్యూటన్లకు పైనే.

ఒక్కో డిగ్రీకి ఒక బిందువు ఇస్తే గెంతు 0.031కి, అర డిగ్రీకి ఇస్తే 0.016కు తగ్గుతుంది. అర డిగ్రీ పట్టికనే ఇవ్వండి, దశాంశం తర్వాత కనీసం మూడు అంకెలు ఉంచండి. పై కోడ్‌లో range అర డిగ్రీ అడుగును ఒప్పుకోదు కాబట్టి, దాన్ని `range(0, 2*beta + 1)` అని, x ను `t / (2*beta)` అని, print లో t ను `t / 2` అని మారిస్తే సరిపోతుంది. బిందువులను వంపుగా కలిపే వీలు యంత్రంలో ఉంటే అది ఇంకా మంచిది. కోసిన తర్వాత అంచును చేతితో గ్రైండర్ పట్టి నునుపు చేయనివ్వకండి. చేతివాటం 0.05 మి.మీ. తినేస్తే మొదటి 5 డిగ్రీల వంపు మొత్తం పోయినట్టే.

10. బిగించాక పరీక్ష

డయల్ గేజ్‌ను ఫాలోవర్ మీద ఆనించి, క్యామ్‌ను చేతితో 5 డిగ్రీల చొప్పున తిప్పుతూ ప్రతి విలువనూ పట్టికతో పోల్చండి. మధ్యలో 0.05 తేడా వచ్చినా కంగారు లేదు. మొదటి, చివరి 10 డిగ్రీల్లో ముల్లు నిదానంగా కదలాలి. 5 డిగ్రీల దగ్గరే 0.2 చూపిస్తే క్యామ్‌ను షాఫ్టుకు బిగించే కీ సరిగా కూర్చోలేదు, లేదా లేవడం మొదలయ్యే చోటును తప్పు కోణం నుంచి లెక్కపెట్టారు.

తర్వాత అంచుకు పలుచగా నీలిరంగు మార్కింగ్ పేస్టు పూసి, నూనె లేకుండా ఒక నిమిషం లోపే నడిపి ఆపండి. రంగు చుట్టూ ఒకే తీరున అణగాలి. లేచే భాగం తర్వాతి డ్వెల్‌లో రంగు చెదరకుండా ఒక పట్టీలా మిగిలి, దాని చివర గట్టిగా చెరిగిన గీత ఉంటే రోలర్ ఇంకా ఎగురుతోందన్నమాట. ఆ పట్టీ పొడవును డిగ్రీల్లో కొలిచి మూడో అడుగులోని లెక్కను తిరగేయండి.

ఫాలోవర్ పైన అసలు ఆగకుండా వెంటనే దిగాల్సిన యంత్రమైతే ఈ శ్రమంతా అనవసరం. డ్వెల్ లేని చోట పైన త్వరణాన్ని సున్నాకు తెచ్చి మళ్లీ పెంచడం వృథా. లేవడానికీ దిగడానికీ 180 డిగ్రీల చొప్పున ఉంటే సరళ హరాత్మక చలనమే అతుకు లేకుండా నడుస్తుంది. అక్కడ ఇరుసు పక్కకు జరిపి బిగించిన గుండ్రటి బిళ్ల ఒక్కటి చాలు.